అరవై పట్టికల్లో ఏడు నక్షత్రాలు: ఒకే సర్వేలో లెక్కకు మించిన పోలికలు, నివేదికలో నిజాయితీ

కెనడాలోని ఒంటారియోలో ఉంటున్న కోటీ ఆరు లక్షల మందికి పైగా వయోజనుల ఆస్పత్రి రికార్డులను పీటర్ ఆస్టిన్, ఆయన సహ పరిశోధకులు వాళ్ల రాశులతో జతచేసి చూశారు. ఇక్కడ రాశి అంటే మన పంచాంగం చంద్రుణ్ణి బట్టి చెప్పే జన్మరాశి కాదు, పుట్టిన తేదీని బట్టి పాశ్చాత్యులు చెప్పుకునే సూర్యరాశి. జనాభాను యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, ఆస్పత్రిలో చేరడానికి సాధారణంగా కారణమయ్యే 223 జబ్బులను మొదటి సగంలో పన్నెండు రాశులతో పోల్చి, ఒక్కో రాశివారిలో మిగతావారి కంటే ఎక్కువగా కనిపించిన జబ్బులను రెండేసి చొప్పున ఎంచుకున్నారు. అలా దొరికిన 24 సంబంధాలను రెండో సగంలో మళ్లీ పరీక్షిస్తే రెండు నిలిచాయి. సింహరాశివారిలో జీర్ణకోశ రక్తస్రావం, ధనూరాశివారిలో భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరగడం మిగతావారి కంటే ఎక్కువని తేలింది. సంబంధమేదీ లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశాన్ని చెప్పే పి-విలువ రెండింటికీ 0.05 కంటే తక్కువే.

2006లో అచ్చయిన ఈ పరిశోధన జ్యోతిషాన్ని నిరూపించడానికి చేసింది కాదు. పన్నెండు రాశులనూ 223 జబ్బులనూ అడ్డంగా నిలువుగా పేర్చితే 2,676 జతలు వస్తాయి. వాటిలో ఒక్కదానిలోనూ నిజమైన సంబంధం లేదనుకున్నా, నూటికి ఐదు చొప్పున సుమారు 134 జతలు ‘సార్థకం’ అన్న ముద్ర వేయించుకుంటాయి. పరీక్షల సంఖ్యను లెక్కలోకి తీసుకుని 0.05 అనే ఆ గీతను సరిదిద్దగానే ఆ 24 సంబంధాల్లో ఒక్కటి కూడా ఏ సగంలోనూ నిలవలేదు. పరిశోధకులు చూపించదలచుకున్నది కచ్చితంగా ఇదే. రెండో సగంలో రెండు మిగలడం కూడా వింతేమీ కాదు, ఎందుకంటే 24 పరీక్షలకు నూటికి ఐదు చొప్పున ఒకటో రెండో మిగలడం మామూలే. వేరే సమాచారంతో సరిచూశాం కదా అనుకునేవారు కూడా, ఎన్నింటిని సరిచూశారో చెప్పకపోతే అదే గోతిలో పడతారు.

రాశుల ఉదాహరణ విని అందరూ నవ్వుతారు, ఎందుకంటే ఆ ఫలితాన్ని నమ్మడానికి మనకు కారణమేదీ కనిపించదు. సర్వే పట్టికల్లో వచ్చే ఫలితాలు అలా ఉండవు. ‘బాగా చదువుకున్నవారికి బస్సు కండక్టరు ప్రవర్తన మీద అసంతృప్తి ఎక్కువ’ అన్న వాక్యం చదవగానే దానికో కారణం మన మనసే అల్లేస్తుంది. అది తిరగబడి ‘తక్కువ చదువుకున్నవారికే అసంతృప్తి ఎక్కువ’ అని వచ్చినా అంతే సులువుగా మరో కారణం దొరుకుతుంది. నమ్మశక్యంగా ఉండటం ఇక్కడ కాపలా కాయదు. అందుకే సర్వేల విషయంలో ఈ లెక్క మరింత జాగ్రత్తగా చూడాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఒక ఊహా సర్వేనే చివరిదాకా తీసుకుందాం. ఒక నగరంలో 40 బస్‌స్టాపులు ఎంచుకుని, ఒక్కో స్టాపులో 20 మంది చొప్పున 800 మంది ప్రయాణికులను ప్రశ్నించారనుకుందాం. లింగం, వయసు, చదువు, ఆదాయం, వృత్తి, నివాస ప్రాంతం అనే ఆరు నేపథ్య వివరాలున్నాయి. సమయపాలన, రద్దీ, శుభ్రత, కండక్టరు ప్రవర్తన, రాత్రిపూట భద్రత వంటి పది అభిప్రాయ ప్రశ్నలున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆరింటినీ ఒక పక్కన, పదింటినీ మరో పక్కన పెట్టి ఒక్క మీట నొక్కితే ఒక వివరాన్నీ ఒక ప్రశ్ననూ అడ్డంగా నిలువుగా పేర్చిన అరవై క్రాస్ ట్యాబులు, ఒక్కో దాని కింద ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో చూసే కై-వర్గ పరీక్ష ఫలితం వచ్చేస్తాయి. పి-విలువ 0.05 కంటే తక్కువున్న చోటల్లా ఒక నక్షత్రం గుర్తు పడుతుంది. అరవైలో ఏడింటికి నక్షత్రం పడిందనుకుందాం.

ఒక్క పరీక్షకు 0.05 అంటే అర్థం ఇది: నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా, కేవలం శాంపిల్ ఎంపికలోని యాదృచ్ఛికత వల్ల నూటికి ఐదుసార్లు ఆ గీత దాటే ఫలితం వస్తుంది. అరవై పరీక్షల్లోనూ సంబంధం లేదనుకుంటే సగటున మూడు దొంగ నక్షత్రాలు పడతాయి. ఆ పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నా లేకపోయినా ఈ సగటు మారదు. అవి పరస్పరం స్వతంత్రమైతే కనీసం ఒక్క దొంగ నక్షత్రమైనా పడే అవకాశం 1 − 0.95^60, అంటే 95 శాతం పైమాటే. సర్వేల్లో ప్రశ్నలు ఎన్నడూ పూర్తిగా స్వతంత్రం కావు. శుభ్రత బాగాలేదన్నవారే రద్దీ భరించలేమంటారు, చదువు పెరిగిన చోట ఆదాయమూ పెరుగుతుంది. అందువల్ల దొంగ నక్షత్రాలు ఒక్కొక్కటిగా కాక గుంపులుగా వస్తాయి. ఒక సర్వేలో ఒక్కటీ పడదు, మరో సర్వేలో ఒకేసారి ఎనిమిది పడతాయి. ఆ ఎనిమిదీ ఒకే దిశలో ఉండి ‘ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి’ అనిపించడం ఇందులో అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి.

మరి ఏడు నక్షత్రాలంటే ఏమనుకోవాలి? పరీక్షలు స్వతంత్రమైతే మూడు రావలసిన చోట ఏడు గానీ అంతకు మించి గానీ రావడం నూటికి సుమారు మూడుసార్లే జరుగుతుంది. కాబట్టి ఏడింటిలో కొన్ని నిజమే అయి ఉండవచ్చు. ఏవి నిజమో మాత్రం నక్షత్రం చెప్పదు. ఆ ఏడింటినీ నివేదికలో ఏడు ‘ముఖ్యాంశాలు’గా రాసి, మిగతా 53 పట్టికల ఊసెత్తకపోతే పాఠకుడికి అందేది సగం నిజం కూడా కాదు. ఎందుకంటే ఆ ఏడింటికి విలువ కట్టడానికి కావలసిన అంకె, అంటే అరవై, అతని దగ్గర లేదు.

అరవై అనే ఆ అంకె కూడా తరచు అసలుకంటే తక్కువే ఉంటుంది. వయసును మొదట 30 దగ్గర విడగొట్టి చూసి, తేడా కనబడక 25, 40 దగ్గర విడగొట్టి ఉంటారు. ‘కొంత సంతృప్తి’ని ఒకసారి సంతృప్తి కింద, మరోసారి తటస్థం కింద కలిపి చూసి ఉంటారు. ‘తెలియదు’ అన్నవారిని ఒక పట్టికలో ఉంచి మరో పట్టికలో తీసేసి ఉంటారు. ఇలా చూసి పక్కన పెట్టిన పట్టికలు ఎవరి లెక్కలోకీ రావు, కానీ వాటిలో ప్రతి ఒక్కటీ ఒక పరీక్షే. దురుద్దేశం ఉండనక్కర్లేదు, సమాచారం చూశాక తీసుకున్న ప్రతి సహేతుకమైన నిర్ణయమూ ఈ లెక్కను పెంచుతుంది. అందుకే ఏ వయసు దగ్గర విడగొట్టాలి, ఏ జవాబులను కలపాలి అనేవి ఫారాలు చేతికి రాకముందే రాసి, తేదీ వేసి పెట్టుకోవాలి.

ఇంకో లోపం అంతకంటే ముందే దాగి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లోని మామూలు కై-వర్గ పరీక్ష 800 మందినీ విడివిడిగా ఎంపిక చేశామని అనుకుంటుంది. మనం ఎంచుకున్నది 40 స్టాపులను. ఒకే స్టాపులో నిలబడినవారు ఒకే బస్సు కోసం ఎదురు చూసినవారు, చాలామంది ఒకే పేటవారు, కాబట్టి వాళ్ల జవాబులు ఒకలాగే ఉంటాయి. జవాబుల్లోని ఈ సారూప్యం సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతలో 0.05 మేర ఉన్నా, శాంపిల్ విలువ ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 20 మంది గుంపుకు 1 + 19 × 0.05, అంటే సుమారు 2 అవుతుంది. మన 800 మంది 400 మందితో సమానమన్నమాట. నివాస ప్రాంతంలా స్టాపును బట్టి మారే వివరంతో వేసిన పట్టికల్లో దీని దెబ్బ పూర్తిగా తగులుతుంది. నాలుగు గళ్ల పట్టికలో నూటికి ఐదు తప్పులకే అవకాశమిస్తున్నామని మనం నమ్ముతుంటే, నిజానికి నూటికి పదహారు దాకా తప్పులు జరుగుతుంటాయి. ఒకే స్టాపులో ఆడా మగా ఇద్దరూ ఉంటారు కాబట్టి లింగం వంటి వాటికి దెబ్బ తక్కువ. రావు, స్కాట్ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1980ల్లో రూపొందించిన సవరణ దీనికోసమే. గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని `survey` ప్యాకేజీలో `svychisq` అదే చేస్తుంది. పి-విలువే తప్పుగా వచ్చినప్పుడు దాని మీద ఎన్ని దిద్దుబాట్లు చేసినా ప్రయోజనం లేదు కాబట్టి ఈ పని ముందు జరగాలి.

అది సవ్యంగా జరిగిందనీ, ఆ తర్వాతే మన ఏడు పి-విలువలు 0.0002, 0.0011, 0.0021, 0.009, 0.021, 0.034, 0.047 అని వచ్చాయనీ అనుకుందాం. బాన్‌ఫెరోనీ పేరుతో పిలిచే అతి సరళమైన పద్ధతిలో 0.05ను అరవైతో భాగిస్తాం. కొత్త గీత 0.00083. దాన్ని దాటేది మొదటిది ఒక్కటే. 1979లో స్టూర్ హోల్మ్ చెప్పిన పద్ధతి కూడా అదే హామీ ఇస్తూ కొంచెం ఉదారంగా ఉంటుంది. అతి చిన్న విలువను 0.05/60తో, అది నెగ్గితే తర్వాతిదాన్ని 0.05/59తో, ఇలా ఒక్కో మెట్టూ పోలుస్తూ పోయి, మొదటిసారి ఓడిన చోట ఆగిపోతుంది. ఇక్కడ రెండో మెట్టులో 0.0011ను 0.00085తో పోలిస్తే ఓడిపోతుంది కాబట్టి దీనిలోనూ ఒక్కటే మిగులుతుంది. హోల్మ్ పద్ధతి ఏ అదనపు షరతూ లేకుండా బాన్‌ఫెరోనీ కంటే ఎప్పుడూ తీసిపోదు కాబట్టి, ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే నేను హోల్మ్‌నే వాడతాను.

ఈ రెండూ ‘అరవైలో ఒక్క దొంగ ఫలితం కూడా ఉండకూడదు’ అన్న పట్టుదలతో నడుస్తాయి. దానికి ఖరీదుంది. గీత 0.05 నుంచి 0.00083కు దిగితే, ఒక తేడాను నూటికి ఎనభైసార్లు పట్టుకోవడానికి ఇంతకుముందు సరిపోయిన శాంపిల్‌కు రెండు రెట్ల కంటే ఎక్కువ కావాలి. 1995లో బెంజమినీ, హాక్‌బర్గ్ వేరే ప్రశ్న వేశారు. ఫలితాలని మనం ప్రకటించిన వాటిలో దొంగవి సగటున ఎంత శాతం ఉండవచ్చు? దాన్ని 5 శాతానికి కట్టడి చేస్తే చాలదా? వాళ్ల పద్ధతిలో పి-విలువలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, మూడోదాన్ని 3 × 0.05/60తో, నాలుగోదాన్ని 4 × 0.05/60తో పోలుస్తాం. గీతకు లోపల ఉన్నవాటిలో చివరిదీ, దానికి ముందున్నవన్నీ నెగ్గినట్టు. మూడో విలువ 0.0021, గీత 0.0025, కాబట్టి నెగ్గింది. నాలుగోది 0.009, గీత 0.0033. అక్కడి నుంచి ఏదీ లోపలికి రాదు. మొత్తం మూడు మిగిలాయి.

ఏది వాడాలన్నది తీసుకోబోయే నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. ఒక ఫలితం ఆధారంగా వెంటనే డబ్బు ఖర్చు పెట్టబోతుంటే హోల్మ్ మంచిది. తర్వాత లోతుగా చూడవలసినవాటి జాబితా తయారు చేస్తుంటే బెంజమినీ-హాక్‌బర్గ్ సరిపోతుంది. ఆ ఎంపిక కూడా ఫలితాలు చూడకముందే జరగాలి. లేకపోతే రెండూ వేసి, మూడు ఇచ్చినదాన్నే ఉంచుకుంటాం.

ఆర్‌లో ఈ పని రెండు వరుసలే, కానీ పరీక్షల సంఖ్యను వదిలేసే తప్పు చాలా సులువుగా జరిగేదీ అక్కడే.

```r
p <- c(0.0002, 0.0011, 0.0021, 0.009, 0.021, 0.034, 0.047)
round(p.adjust(p, method = "BH", n = 60), 3)
# 0.012 0.033 0.042 0.135 0.252 0.340 0.403
round(p.adjust(p, method = "BH"), 3)
# 0.001 0.004 0.005 0.016 0.029 0.040 0.047
```

మొదటి `p.adjust`లో `n = 60` అని చెప్పాం, మూడు నిలిచాయి. రెండోదానిలో చెప్పలేదు. నక్షత్రం పడిన ఏడింటినే పంపాం కాబట్టి, చేసిన పరీక్షలే ఏడని ప్రోగ్రాము అనుకుంది. ఏడుకు ఏడూ నెగ్గాయి. ‘దిద్దుబాటు చేశాం’ అని నివేదికలో రాసుకోవచ్చు, ఆ వాక్యం అబద్ధం కూడా కాదు, కానీ జరిగిన దిద్దుబాటు శూన్యం. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో నిలువు వరుసల శాతాలను పోల్చేటప్పుడు బాన్‌ఫెరోనీ సవరణకు టిక్ పెట్టే సదుపాయం ఉంది. అది ఒక పట్టికలో ఒక అడ్డు వరుసలోని జతల మధ్య పోలికలనే సరిదిద్దుతుంది. అయిదు ప్రాంతాలుంటే పది జతలు, ఆ పదింటికే అది కాపలా. పక్కనున్న 59 పట్టికల సంగతి దానికి తెలియదు. టిక్ పెట్టాం కాబట్టి పని అయిపోయిందన్న నమ్మకం సర్వే నివేదికల్లో చాలా సాధారణంగా కనిపిస్తుంది.

ఈ సూత్రాల మీద నమ్మకం కుదరనివారికి నేను సూచించే పరీక్ష ఒకటుంది. ఒక్కో ప్రయాణికుడి పది జవాబులనూ ఒక కట్టగా ఉంచి, ఆరు నేపథ్య వివరాలను మరో కట్టగా ఉంచి, ఒకే స్టాపులోని 20 మంది మధ్య ఆ రెండో కట్టలను పేకముక్కల్లా కలిపేయాలి. ఒకరి చదువూ ఆదాయమూ మరొకరి జవాబుల పక్కకు చేరతాయి. స్టాపు లోపల నేపథ్యానికీ అభిప్రాయానికీ ఉన్న సంబంధం తెగిపోతుంది గానీ, జవాబులకు జవాబులతో ఉన్న ముడి అలాగే ఉంటుంది. నివాస ప్రాంతానివి తప్ప మిగతా యాభై పట్టికలూ మళ్లీ వేసి అతి చిన్న పి-విలువను రాసుకోవాలి. ఇలా వెయ్యిసార్లు చేస్తే, ఏమీ లేని చోట అతి చిన్న విలువ ఎంత చిన్నగా రాగలదో మన సర్వే తన నోటితోనే చెబుతుంది. అసలు ఫలితాల్లోని విలువ ఆ వెయ్యిలో కనీసం 950 కంటే చిన్నదైతేనే దాన్ని పట్టించుకోవాలి. నివాస ప్రాంతం మాత్రం ఒకే స్టాపులో పెద్దగా మారదు కాబట్టి ఆ పది పట్టికలకు ఈ పద్ధతి పనికిరాదు, వాటిని విడిగా చూసుకోవాలి.

దిద్దుబాటే అక్కర్లేదనే వాదన కూడా ఉంది. కెన్నెత్ రాత్‌మన్ అనే ఎపిడెమియాలజిస్టు 1990లో ఈ మాట నేరుగానే అన్నారు. ప్రకృతిలో అంతా యాదృచ్ఛికమేనని ముందే అనుకుని మొదలుపెట్టడం సరికాదనీ, దొంగ ఫలితాల భయంతో నిజమైన వాటిని పోగొట్టుకుంటామనీ ఆయన వాదన. అందులో బలముంది. గీత దాటలేదంటే తేడా లేదని రుజువైనట్టు కాదు. 0.009 వచ్చిన నాలుగో పట్టికను ‘సంబంధం లేదు’ అని రాయడం, దానికి నక్షత్రం పెట్టడమంత తప్పే. అయితే రాత్‌మన్ పక్షాన నిలబడినా చేసిన పోలికలన్నీ బయటపెట్టక తప్పదు. దిద్దుబాటు చేయాలా వద్దా అన్నదాని మీద ఇద్దరు నిపుణులు నిజాయితీగా విభేదించవచ్చు, అరవై అన్న అంకెను దాచడానికి మాత్రం ఏ పక్షంలోనూ సమర్థన లేదు.

ఇక నివేదిక. కండక్టరు ప్రవర్తన, చదువుల పట్టికదే 0.009 అనుకుందాం. సాధారణంగా రాసేది ఇలా ఉంటుంది: ‘చదువు ఎక్కువైనవారు కండక్టర్ల ప్రవర్తన పట్ల గణనీయమైన అసంతృప్తితో ఉన్నారని సర్వే వెల్లడించింది.’ ఇందులో ‘గణనీయమైన’ అన్న మాట రెండు పనులు చేస్తోంది. రాసినవారి మనసులో అది పి-విలువ గురించి, చదివేవారికి అది తేడా పెద్దదని. దాని బదులు ఇలా రాయవచ్చు:

‘ఆరు నేపథ్య వివరాలను పది ప్రశ్నలతో జతచేసి మొత్తం 60 పట్టికలను పరీక్షించాం. ఏ సంబంధమూ లేకపోయినా వీటిలో సగటున మూడు 0.05 గీతను దాటుతాయి, ఏడు దాటాయి. బెంజమినీ-హాక్‌బర్గ్ పద్ధతిలో తప్పుల వాటాను 5 శాతానికి పరిమితం చేశాక మూడు నిలిచాయి. డిగ్రీ చదివినవారిలో 41 శాతం, చదవనివారిలో 30 శాతం కండక్టరు ప్రవర్తన పట్ల అసంతృప్తి తెలిపారు. తేడా 11 శాతం పాయింట్లు, 95 శాతం విశ్వాస అంతరం సుమారు 3 నుంచి 19 వరకు. ఈ సంబంధం నిలిచిన మూడింటిలో లేదు. దీన్ని సర్వేకు ముందు ఊహించలేదు, పట్టికలు చూసేటప్పుడు గమనించాం. మొత్తం 60 ఫలితాలూ అనుబంధంలో ఉన్నాయి.’

పొడవు పెరిగిన మాట నిజమే, కానీ చదివేవారు తమంతట తాము తూకం వేసుకోవడానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. విశ్వాస అంతరం 3 నుంచి 19 వరకు అని చూడగానే, తేడా అసలు చిన్నదే అయినా కావచ్చునని అర్థమవుతుంది. ఆ అంతరం కూడా ఒక్క పోలికకు లెక్కించినదే. అరవైలోంచి ఏరి చూపించినప్పుడు ఆ 11 పాయింట్లు అసలు తేడా కంటే ఎక్కువగా ఉండే అవకాశమే హెచ్చు, ఎందుకంటే యాదృచ్ఛికత తోసి పైకి తెచ్చినవే మన కంట ముందు పడతాయి. ఈ ఒక్క ముక్కను కూడా అనుబంధంలో చేర్చాలని నా అభిప్రాయం.

సర్వేకు ముందే కొన్ని ప్రశ్నలు మనసులో ఉండి ఉంటే వాటిని విడిగా పెట్టుకోవచ్చు. రాత్రి భద్రత గురించి ఆడవారికీ మగవారికీ తేడా ఉంటుందని ముందే రాసి పెట్టుకుని ఉంటే, ఆ ఒక్క పట్టికకు 0.05 గీత న్యాయమైనదే. దాన్ని అన్వేషణగా చూసిన మిగతా 59తో కలపనక్కర్లేదు. కానీ అలా రాసిన కాగితం మీద తేదీ సర్వేకంటే ముందుది అయి ఉండాలి.

నిలిచిన మూడింటినీ తర్వాతి విడత సర్వేలో, వేరే ప్రయాణికుల మీద, అవే ప్రశ్నలతో, వయసూ చదువూ అక్కడే విడగొట్టి పరీక్షించాలి. అప్పుడు పరీక్షలు మూడే కాబట్టి గీత 0.05/3, అంటే 0.0167 దగ్గర ఉంటుంది, తేడా దిశ కూడా మొదటిసారి వచ్చినట్టే రావాలి. సింహరాశి రక్తస్రావానికి రెండో సగంలో వచ్చిన పి-విలువ 0.0447, ధనూరాశి ఎముకకు వచ్చినది 0.0123. ఆ 24 సంబంధాలకు ఇదే లెక్క వేస్తే గీత 0.0021 దగ్గర ఉంటుంది, రెండూ దానికి చాలా పైనే ఆగిపోయాయి.